నాన్న వెంటిలేటర్ వద్దంటున్నారు, అన్నయ్య ఒప్పుకోవడం లేదు: లివింగ్ విల్ రాస్తే చెల్లుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు బాగా ముదిరింది, ఇంట్లో ఆక్సిజన్ మీదే ఉంటున్నారు. గత ఏడాది రెండుసార్లు ఐసీయూలో ఉన్నారు. ఇంకోసారి వెంటిలేటర్ పెట్టించవద్దని గట్టిగా చెబుతున్నారు. అన్నయ్య మాత్రం చివరిదాకా అన్నీ చేయాల్సిందే అంటాడు. మాట్లాడలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే లివింగ్ విల్ రాయిస్తే చెల్లుతుందా? నాన్నకు స్పృహ లేనప్పుడు ఎవరి సంతకం చెల్లుతుంది, నాదా, అన్నయ్యదా?

జవాబు:

చెల్లుతుంది. కానీ మీ నాన్నగారి జబ్బులో ఆ కాగితం ఎప్పుడు పనికొస్తుందో, ఎప్పుడు పనికిరాదో ముందే తెలుసుకుని రాయించాలి. ఐసీయూలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్న డాక్టర్‌ని. ఇలాంటి కాగితాలు పట్టుకుని వచ్చిన కుటుంబాలతో చాలాసార్లు కూర్చున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సంతకం సంగతి. మీ నాన్నగారు తెలివిగా మాట్లాడుతున్నంతసేపు మీ సంతకమూ చెల్లదు, అన్నయ్యదీ చెల్లదు. ఆయన మాటే చెల్లుతుంది. మన ఆసుపత్రుల్లో పేషెంట్ మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్నా సరే, ఫారం తీసుకెళ్లి బయట ఉన్న అటెండెంట్ చేత సంతకం పెట్టించుకోవడం అలవాటైపోయింది. అది అలవాటే గానీ చట్టం కాదు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయం మీదే తీర్పు చెప్పింది. ఒకామె లాపరోస్కోపీ పరీక్ష కోసం చేరింది. మత్తులో ఉండగా డాక్టర్ తరఫు వాళ్లు బయటికొచ్చి తల్లి దగ్గర అనుమతి తీసుకుని గర్భాశయం, అండాశయాలు తీసేశారు. ఆమె మేజర్, తెలివిలోకి వచ్చాక అడగొచ్చు, అప్పటికప్పుడు ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితీ కాదు, కాబట్టి తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని కోర్టు తేల్చింది. పరీక్షకు ఒప్పుకున్నంత మాత్రాన ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదని కూడా చెప్పింది. కన్నతల్లి సంతకమే చెల్లనప్పుడు, తండ్రి మెలకువగా ఉండగా కొడుకు సంతకం ఎలా చెల్లుతుంది?

చికిత్స వద్దనడానికీ ఇదే వర్తిస్తుంది. మీ నాన్నగారు తెలిసి, ఆలోచించి "నాకు ట్యూబ్ వేయొద్దు" అంటే దానికి మెడికల్ బోర్డు అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు. ఆ మాట కేస్ షీట్‌లో రాసి, ఆయన సంతకం, డాక్టర్ సంతకం, తేదీ, టైము ఉంటే చాలు. అది ఆత్మహత్యా కాదు, దానికి ఒప్పుకున్న డాక్టర్ నేరం చేసినట్టూ కాదు. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. ఒక చికిత్స వద్దన్నంత మాత్రాన ఆసుపత్రి వదిలి వెళ్లక్కర్లేదు. వెంటిలేటర్ వద్దంటే కొన్నిచోట్ల వెంటనే "వైద్యుల సలహాకు వ్యతిరేకంగా వెళ్తున్నాం" అనే ఫారం చేతికిస్తారు. చాలామంది భయపడి సంతకం చేసి, ఆయాసపడుతున్న మనిషిని ఇంటికి తీసుకెళ్లిపోతారు. అలా చేయకండి. ట్యూబ్ వద్దన్న మనిషికి కూడా ఆక్సిజన్, నెబులైజర్, యాంటీబయాటిక్, ఆయాసం తగ్గించే మందు, నొప్పి మందు అన్నీ ఇవ్వాల్సిందే.

ఇక మీ నాన్నగారి జబ్బులో ఉన్న అసలు చిక్కు. సీఓపీడీ ముదిరాక ఇన్ఫెక్షన్ వస్తే ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే మనిషికి మత్తు కమ్ముతుంది. ముందు మాట తడబడుతుంది, పగలు కూడా నిద్రపోతుంటారు, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తారు. అంటే నిర్ణయం చెప్పాల్సిన గంటలోనే చెప్పే శక్తి పోతుంది. అందుకే ఈ జబ్బులో "అప్పుడు చూద్దాంలే" అనుకుంటే కుదరదు.

కానీ ఇందులోనే ఒక వెసులుబాటు కూడా ఉంది. అది చెప్పడానికి ఒక పేషెంట్ కథ చెబుతాను. ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. డెబ్బై ఎనిమిదేళ్ల రిటైర్డ్ టీచర్, మీ నాన్నగారి జబ్బే. రాత్రి రెండింటికి కూతురు, ఇద్దరు కొడుకులు తీసుకొచ్చారు. గట్టిగా పిలిస్తే మూలుగుతున్నారు, అంతే. రక్తపరీక్షలో కార్బన్ డయాక్సైడ్ 88 ఉంది. మామూలుగా 35 నుంచి 45 మధ్య ఉండాలి. ట్యూబ్ వేయొద్దని అమ్మ ఎప్పుడూ చెప్పేదని కూతురు అంటోంది. పెద్దబ్బాయి ఏదైనా చేయండని చేతులు పట్టుకున్నాడు. నేను ఎవరి చేతా సంతకం పెట్టించలేదు. బైపాప్ పెట్టాను. బైపాప్ అంటే ముఖానికి మాస్కు తగిలించి, ఒత్తిడితో గాలి పంపే మెషీన్. గొంతులోకి ట్యూబ్ ఉండదు, మత్తు ఇవ్వక్కర్లేదు, కావాలంటే తీసేయొచ్చు. తెల్లవారేసరికి కార్బన్ డయాక్సైడ్ 64కి దిగింది. ఆరున్నరకు ఆవిడ కళ్లు తెరిచి కూతుర్ని పేరు పెట్టి పిలిచారు.

అప్పుడు మాస్కు ఒక పక్కకు జరిపి ఆవిడనే అడిగాను. మళ్లీ మత్తు వస్తే గొంతులోకి ట్యూబ్ వేయాలి, వేయకపోతే ప్రాణం పోవచ్చు, వేస్తే బతకొచ్చు కానీ మెషీన్ నుంచి బయటపడటం మీ ఊపిరితిత్తులకు చాలా కష్టం, ఏం చేయమంటారు అని. చెప్పింది అర్థమైందా, కాసేపు గుర్తుపెట్టుకోగలరా, రెండు దారుల్లో మంచిచెడులు పోల్చుకోగలరా, తమ నిర్ణయాన్ని చెప్పగలరా అని చూస్తాం. నిర్ణయ సామర్థ్యం అని మేం అనేది ఇదే. డాక్టర్ చెప్పిన దానికి ఒప్పుకుంటేనే తెలివి ఉన్నట్టు, కాదంటే లేనట్టు కాదు. ఆవిడ ఆయాసంతో రెండేసి మాటలు చొప్పున ఆపుకుంటూ చెప్పారు: "మాస్కు... ఎన్ని రోజులైనా సరే. ట్యూబ్ వద్దు. పోయినసారి... పదకొండు రోజులు... నోరు కట్టేసినట్టు." అరగంట తర్వాత మళ్లీ అడిగితే అదే చెప్పారు. పెద్దబ్బాయి పక్కనే నిలబడి విన్నాడు. కేస్ షీట్‌లో ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టే రాశాం. ఆ గండం దాటి ఇంటికెళ్లారు.

ఈ కథలోంచి మీకు కావాల్సింది ఒకటుంది. "వెంటిలేటర్ వద్దు" అని ఒక్క ముక్కలో రాస్తే అది ప్రమాదం. బైపాప్ కూడా వెంటిలేటరే కదా అని ఎవరైనా అనుకుంటే, రెండు రోజుల్లో తేరుకునే మనిషి ఆ మాస్కు కూడా లేకుండా పోతారు. ఆ రాత్రి మాస్కు పెట్టకపోయుంటే ఆవిడ తన నోటితో తన మాట చెప్పే అవకాశమే ఉండేది కాదు.

మనిషి మాట్లాడలేని స్థితిలో ఎవరు నిర్ణయిస్తారు అన్నది మీ రెండో ప్రశ్న. ముందు భార్య, తర్వాత పెద్ద కొడుకు, తర్వాత కూతురు అంటూ వరస చెప్పే చట్టం, మేజర్ల మామూలు వైద్యం విషయంలో మన దేశంలో లేదు. పెద్ద కొడుకుదే ఆఖరి మాట అన్నది ఇళ్లలో ఉన్న నమ్మకం. ప్రాణం మీదికి వచ్చి, అడగడానికి ఎవరూ లేకపోతే, మేలు కోరి చికిత్స చేసిన డాక్టర్‌కు భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మిగతా సమయాల్లో ఆసుపత్రి దగ్గరి బంధువులతో మాట్లాడుతుంది. బంధువులు రెండుగా చీలితే డాక్టర్ సహజంగానే అన్నీ చేసే వైపే మొగ్గుతాడు, ఎందుకంటే రేపు కేసు వేసేది ఆ వైపు వాళ్లే అని అతని భయం. మీ ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితిలో ఏ కాగితమూ లేకపోతే జరిగేది ఇదే.

కొందరు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుని వస్తారు. దాని మీద ఆధారపడకండి. రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే, కాంట్రాక్టు చట్టం ప్రకారం దానితో వచ్చిన అధికారం అక్కడితో ముగిసిపోతుంది. సరిగ్గా మీకు కావాల్సిన రోజునే అది చేతికి రాదు. అలాగే 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో ముందస్తు ఆదేశం, నామినీ ఉన్నాయని ఎవరైనా చెప్పొచ్చు. అవి మానసిక అనారోగ్యానికి ఇచ్చే చికిత్సకే, ఐసీయూ వెంటిలేటర్‌కు పనికిరావు.

పనికొచ్చేది లివింగ్ విల్. కోర్టు భాషలో అడ్వాన్స్ మెడికల్ డైరెక్టివ్. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దీన్ని గుర్తించింది. గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమే అంది. ప్రాణం తీసే ఇంజెక్షన్ లాంటివి మాత్రం అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. ఆ తీర్పులో పెట్టిన పద్ధతి మరీ కష్టంగా ఉండేది. మేజిస్ట్రేట్ దగ్గర సంతకం చేయించాలి, కలెక్టర్ బోర్డు వేయాలి, ఇరవై ఏళ్ల అనుభవమున్న డాక్టర్లు కావాలి. ఆచరణలో ఎవరూ వాడలేకపోయారు. ఐసీయూ డాక్టర్ల సంఘం మళ్లీ కోర్టుకెళితే 2023 జనవరి 24న దాన్ని సులువు చేశారు. పాత వ్యాసాలు చదివి, మేజిస్ట్రేట్ సంతకం కోసం తిరుగుతున్నవాళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నారు. అది అక్కర్లేదు.

ఇప్పుడు ఎలా అంటే, మీ నాన్నగారు తెలివిగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయాలి. ఇద్దరు సాక్షులు ఉండాలి, వీలైతే కుటుంబంతో సంబంధం లేనివాళ్లు. నోటరీ ముందు గానీ గెజిటెడ్ ఆఫీసర్ ముందు గానీ సంతకం చేసి ధ్రువీకరించుకోవాలి. తనకు మాట్లాడే స్థితి లేనప్పుడు చికిత్స ఆపడానికి అనుమతి ఇచ్చేది ఎవరో పేరు రాయాలి. ఒకరి కంటే ఎక్కువమంది పేర్లు రాయొచ్చు. ఒక కాపీ ఆ పేర్లున్నవాళ్లకు, ఒకటి ఫ్యామిలీ డాక్టర్ ఉంటే ఆయనకు, ఒకటి మున్సిపాలిటీ లేదా పంచాయతీలో ఇందుకు నియమించిన అధికారికి ఇవ్వాలి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. రెండు కాగితాలుంటే ఆఖరున సంతకం చేసిందే లెక్క.

సంతకాలు, నోటరీ కష్టమేమీ కాదు. చెడిపోయేది రాతలో. రాసింది స్పష్టంగా లేకపోతే, దాన్ని పరిశీలించే డాక్టర్ల బోర్డు పక్కన పెట్టేస్తుంది. "నన్ను బాధపెట్టొద్దు, ప్రశాంతంగా పోనివ్వండి" అని రాసినవి చూశాను. చదివితే కళ్లు చెమ్మగిల్లుతాయి గానీ దాన్ని పట్టుకుని నేనేం చేయాలో తెలియదు. మీ నాన్నగారి విషయంలో చికిత్సల పేర్లు విడివిడిగా రాయించండి. మాస్కుతో ఇచ్చే బైపాప్ ఒప్పుకుంటారా, ఎన్నాళ్లు? గొంతులో ట్యూబ్ అసలు వద్దా, లేక న్యుమోనియా లాంటి తగ్గే కారణం ఉంటే కొన్ని రోజులు పెట్టి చూసి, మెరుగు లేకపోతే తీసేయమంటారా? గొంతుకు రంధ్రం పెట్టే ట్రకియాస్టమీ సంగతేమిటి? గుండె ఆగితే ఛాతీ నొక్కాలా వద్దా? డయాలసిస్, ముక్కు ట్యూబ్‌తో ఆహారం? ఒక్కోదానికి ఒక్కో వాక్యం చాలు. ఆయనకు వైద్యం చేస్తున్న ఊపిరితిత్తుల డాక్టర్ పక్కన కూర్చుని రాస్తే తప్పులు దొర్లవు. కొన్ని రోజులు పెట్టి చూసి తీసేయడం అనే దారిని చాలామంది ఆలోచించరు. ఒకసారి పెడితే ఇక తీయకూడదు అనుకుంటారు. పెట్టకుండా ఉండటానికీ పెట్టింది తీసేయడానికీ ఆ తీర్పులో పద్ధతి ఒకటే.

ఇక ఆ కాగితం చేయలేని పని. అది జేబులో పెట్టుకుని తిరిగే అత్యవసర కార్డు కాదు. జబ్బు నయం కాని దశకు చేరిందని, కోలుకునే ఆశ లేదని, మనిషి నిర్ణయం చెప్పలేని స్థితిలో ఉన్నాడని తేలాకే అమల్లోకి వస్తుంది. అది తేల్చడానికి రెండు బోర్డులు. ఆ టీచర్ గారి కథ ఇక్కడ మళ్లీ వస్తుంది. ఇంటికెళ్లాక ఆవిడ లివింగ్ విల్ రాశారు, కూతురి పేరు మొదట, చిన్నబ్బాయి పేరు రెండోది. ఏడు నెలల తర్వాత శనివారం రాత్రి మళ్లీ వచ్చారు. ఈసారి శ్వాస దాదాపు ఆగిపోయింది. కూతురు ఊళ్లో లేదు, లివింగ్ విల్ ఉందని చిన్నబ్బాయి చెప్పాడు గానీ అది బ్యాంకు లాకర్లో ఉంది. మా ఆసుపత్రిలోనే, అంతకుముందు ఆవిడను ఎప్పుడూ చూడని డ్యూటీ డాక్టర్ ట్యూబ్ వేశాడు. ఏడు నెలల కిందటి మా కేస్ షీట్‌లో ఆవిడ మాటలు ఉన్నాయి, ఆ అర్ధరాత్రి దాన్ని ఎవరూ తీయలేదు. అతన్ని తప్పుపట్టను. ఆ పాత ఫైలు వెంటనే కనబడేలా పెట్టకపోవడం మాత్రం మా లోపమే, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

సోమవారం కాగితం వచ్చింది. మత్తు మందు తగ్గించి చూశాం, ఆవిడ లేవలేదు. అసలైనదే అని సరిచూసుకున్నాక ప్రైమరీ బోర్డు కూర్చుంది: చికిత్స చేస్తున్న డాక్టర్‌గా నేను, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు స్పెషలిస్టులు. 48 గంటల్లో తేల్చడం మంచిదని తీర్పు చెబుతుంది, మాకు ఒక పూట పట్టింది. మేం సరేనన్నాక ఆసుపత్రి సెకండరీ బోర్డు వేసింది. అందులో జిల్లా ముఖ్య వైద్యాధికారి నామినేట్ చేసిన ఒక డాక్టర్, మొదటి బోర్డులో లేని ఇద్దరు స్పెషలిస్టులు ఉండాలి. జిల్లా నుంచి పేరు రావడానికే బుధవారం అయింది, మొత్తంలో ఎక్కువ ఆలస్యం అక్కడే. వాళ్లు వచ్చి చూసి ఒప్పుకున్నారు. పేర్లున్న కూతురు, చిన్నబ్బాయి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు. ఆసుపత్రి జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కు సమాచారం పంపింది. ఇప్పుడు ఆయన అనుమతి అక్కర్లేదు, అమలు చేసేముందు తెలియజేస్తే చాలు. గురువారం మధ్యాహ్నం ఆయాసం తెలియకుండా మార్ఫిన్, మిడజోలం ఇచ్చి ట్యూబ్ తీశాం. కర్టెన్ వేసి, మానిటర్ శబ్దం ఆపేసి పిల్లలు ముగ్గురినీ లోపలే ఉండనిచ్చాం. పెద్దబ్బాయి తల్లి పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. నలభై నిమిషాల తర్వాత ఆవిడ పోయారు.

బోర్డుల్లో ఏదైనా కాదంటే పేర్లున్నవాళ్లు గానీ కుటుంబం గానీ డాక్టర్ గానీ హైకోర్టుకు వెళ్లొచ్చు. లివింగ్ విల్ లేకపోయినా రెండు బోర్డుల దారి ఉంది, కానీ అప్పుడు దగ్గరి బంధువుల రాతపూర్వక అనుమతి కావాలి. మీ ఇద్దరిలో ఒకరు ఒప్పుకోకపోతే అక్కడే ఆగిపోతుంది.

అందుకని అన్నయ్య పేరు రాయాలా వద్దా అన్నది బాగా ఆలోచించాలి. పేర్లున్నవాళ్ల అనుమతి తీసుకోవాలి కాబట్టి, తండ్రి మాటకు అడ్డం నిలబడతానని ఇప్పుడే చెబుతున్న మనిషి పేరు రాస్తే కాగితం చేతిలో ఉండి కూడా కదలదు. ఇద్దరి పేర్లూ రాస్తే "మొదట ఫలానా, వారు అందుబాటులో లేకపోతేనే ఫలానా" అని వరస స్పష్టంగా ఉండాలి. ఆ ఎంపిక మీది కాదు, నాన్నగారిది. అన్నయ్యను పక్కన పెట్టి రహస్యంగా మాత్రం రాయించకండి. ఐసీయూ బయట మొదటిసారి ఆ కాగితం చూసిన కొడుకు దాన్ని నమ్మడు, చెల్లెలో తమ్ముడో రాయించారని అనుకుంటాడు. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం అలా మొదలైనవే.

తర్వాతి చెకప్‌కు అన్నయ్యను కూడా వెంట తీసుకెళ్లండి. నాన్నగారు కాస్త తేలిగ్గా ఊపిరి పీలుస్తున్న రోజు, పొద్దునపూట అయితే మంచిది. ఆయన ముందే డాక్టర్‌ను అడగండి: "మళ్లీ ట్యూబ్ వేస్తే నాన్న దాన్నుంచి బయటపడి, ఇంట్లో తన పని తాను చేసుకునే స్థితికి వస్తారా?" జవాబు విన్నాక నాన్నగారిని మాట్లాడనివ్వండి, మీరు మధ్యలో అందుకోకండి. ఆయన అనుమతి తీసుకుని ఆ మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. అది నోటరీ కాగితానికి బదులు కాదు, కానీ ఆ రాత్రి వచ్చినప్పుడు అన్నయ్యకు వినిపించడానికి నాన్న గొంతు ఉంటుంది. అసలు కాగితం లాకర్లో వద్దు. ఆక్సిజన్ మెషీన్ పక్కనే ఒక ఫైల్‌లో, పాత డిశ్చార్జ్ సమ్మరీలతో కలిపి పెట్టండి. అంబులెన్స్ ఎక్కేటప్పుడు ఎలాగూ ఆ ఫైలే తీసుకెళ్తారు.